పొద్దున 7కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి 10.30కి మీటింగ్: విమానంలో ఏం వేసుకుని ఎక్కాలి?

కొండాపూర్ శ్రీను

అందరికీ నమస్కారమండీ. జనవరిలో ఆఫీసు పని మీద హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్నాను. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో ఎక్కితే అక్కడి టైము ప్రకారం పొద్దున 7 ప్రాంతంలో దింపుతారు. దాదాపు 9 గంటల ప్రయాణం, ఎకానమీ సీటు. అదే రోజు 10.30కి ఊళ్లో కస్టమర్‌తో మీటింగ్ ఉంది. హోటల్ గది మధ్యాహ్నం 3 తర్వాతే ఇస్తారట. ముందే కావాలంటే ఇంకో రాత్రి అద్దె కట్టాలి, దానికి మా ఆఫీసు ఒప్పుకోలేదు.

చెకిన్ బ్యాగు ఉంటుంది గానీ పోయినసారి నా బ్యాగు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అందుకని దాన్ని లెక్కలో వేసుకోవట్లేదు. చేతిలో 8 కిలోల సంచి, అంతే. అందులో లాప్‌టాప్, కాయితాలు పోను ఒక చొక్కా, లోపలి బట్టలు పడతాయి. ఇంకో ప్యాంటు, ఇంకో జత బూట్లు పట్టవు.

నా దగ్గర పెళ్లికి కుట్టించుకున్న నేవీ బ్లూ సూట్ ఉంది, బట్ట అంచు మీద సూపర్ 150 అని ఉంది. చాలా మెత్తగా ఉంటుంది. అది వేసుకునే విమానం ఎక్కేయవచ్చా? దిగేసరికి ఎలా తయారవుతుంది? ఇలా చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

నెలకో ఊరు

శ్రీను అన్నా, గింత పరేషాన్ ఎందుకు. నేను నెలకోసారి పోతుంట. టీఆర్ ప్యాంటు వేస్కో, అదే పాలిస్టర్ విస్కోస్, మన దగ్గర ఏ బట్టల దుకాణంల అడిగినా ఇస్తరు. ముడత పడదు. పైన టీషర్ట్ వేస్కొని పండుకో. దిగినంక చొక్కా, కోటు తగిలించుకుంటే అయిపాయె. ఏమన్న ముడతలు కనబడితే బాత్‌రూంల చేతులు ఆరబెట్టుకునే మిషన్ కింద పెట్టు, వేడికి పోతయి. ఉలెన్ సూట్ మాత్రం వద్దు, ఉడకపోసి చస్తవ్.

నూలుపోగు

శ్రీను గారూ, నేను సూటింగ్ మిల్లులోనూ, తర్వాత రెడీమేడ్ కంపెనీకి బట్ట కొనే పనిలోనూ కలిపి 22 ఏళ్లు ఉన్నాను. ముందు మీ పెళ్లి సూట్ సంగతి.

సూపర్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఉన్ని పోగు సన్నబడుతుంది. 150 అంటే చాలా సన్నం, అందుకే మీ చేతికి అంత మెత్తగా తగులుతోంది. రెండు మూడు గంటలు నిలబడి ఫొటోలు దిగడానికి అది మంచి బట్ట. 9 గంటలు కూర్చోడానికి కాదు. సన్నటి పోగు తేలిగ్గా మడత పడుతుంది, మోకాళ్ల దగ్గర సాగి సంచిలా వేలాడుతుంది. ప్రయాణానికి 100, 110 రకం చాలు. దారాన్ని బాగా మెలిపెట్టి నేసిన బట్ట దొరికితే ఇంకా మేలు. హై ట్విస్ట్ అని అడిగితే మంచి దుకాణంలో చూపిస్తారు. పట్టుకుంటే కొంచెం గరుకుగా, స్ప్రింగులా ఉంటుంది. చదరపు మీటరుకు 250 నుంచి 280 గ్రాముల బరువుంటే మడత తనంతట తానే జారిపోతుంది. అంతకంటే పల్చగా ఉంటే కాగితంలా నలుగుతుంది.

మడత ఎందుకు పడుతుందో తెలిస్తే మిగతాది సులువు. విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది, తేమ 20 శాతం లోపే. కానీ మీ తొడకీ సీటుకీ మధ్య పరిస్థితి వేరు. అక్కడ ఒంటి వేడి, చెమట రెండూ చేరి బట్ట మెత్తబడుతుంది. మెత్తబడ్డ బట్ట ఏ వంపులో ఉందో ఆ వంపులోనే చల్లారి ఆరిపోతే అది మడతై కూర్చుంటుంది. ఇస్త్రీ పెట్టె చేసే పనే ఇది, కాకపోతే మనకి అక్కర్లేని చోట. అందుకే మోకాలి వెనకా, గజ్జల్లోనూ, నడుం వెనక చొక్కా మీదా ఎక్కువ పడతాయి. గంటకోసారి లేచి రెండు నిమిషాలు నిలబడితే బట్ట వేలాడుతూ చల్లారుతుంది. కూర్చునేటప్పుడు మోకాళ్ల దగ్గర ప్యాంటుని రెండంగుళాలు పైకి లాగి కూర్చోండి. మా పెద్దవాళ్లు ఇస్త్రీ పంచెతో కూర్చునేటప్పుడు ఇలాగే చేసేవారు.

నెలకో ఊరు గారు చెప్పినదాంట్లో సగం సరైనదే. టీఆర్ బట్ట నలగదు, భిల్వాడా మిల్లులన్నీ దాని మీదే బతుకుతున్నాయి. ఇబ్బంది వాసనతో. పాలిస్టర్ చెమటలోని జిడ్డుని పట్టుకుని వదలదు. 9 గంటల తర్వాత చిన్న గదిలో నలుగురి మధ్య కూర్చుంటే మీకు తెలియకపోయినా పక్కవాళ్లకి తెలుస్తుంది. ఉన్ని చెమట ఆవిరిని పోగులోకి పీల్చుకుని మెల్లగా బయటికి వదులుతుంది, తొందరగా వాసన రాదు. ఉడకపోస్తుందని భయపడక్కర్లేదు, రాత్రి విమానంలో చలే వేస్తుంది.

చేతులు ఆరబెట్టే మిషన్ విషయంలో చిన్న సవరణ. పొడి వేడికి మడత పోదు. ముందు తడి తగలాలి. అరచెయ్యి తడిపి మడత మీద రెండుసార్లు నిమరండి, బట్టని రెండు పక్కలా లాగి పట్టుకుని అప్పుడు గాలి కింద పెట్టండి.

డాలస్ పద్మ

ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నట్టున్నారు, నాదీ అడుగుతాను. మా అమ్మగారు ఫిబ్రవరిలో గుంటూరు నుంచి మా దగ్గరికి వస్తున్నారు, 68 ఏళ్లు. వీల్‌చెయిర్ పెట్టించాం. నూలు చీరే కట్టుకుంటానంటున్నారు. పోయినసారి దిగేసరికి కాళ్లు ఎంత వాచాయంటే చెప్పులు పట్టక చేత్తో పట్టుకుని బయటికొచ్చారు. చలికి మేజోళ్లు కూడా లేవు. ఆవిడకి ఏం వేయాలి?

కొండాపూర్ శ్రీను

పద్మ గారూ, నేను అడిగింది మీటింగ్ గురించేనండీ. అయినా కాళ్ల వాపు సంగతి నాకూ కావాలి. నా ఫార్మల్ బూట్లు మామూలప్పుడే కాస్త బిగుతు.

గాలిమోటారు

నేను 11 ఏళ్లు క్యాబిన్ క్రూలో పనిచేశాను. కాళ్ల సంగతి నేను చెబుతాను.

గంటల తరబడి కాళ్లు కిందికి వేలాడేసి కదలకుండా కూర్చుంటే నీరు పాదాల్లోకి దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకీ దిగుతుంది. దిగాక నడిస్తే కొన్ని గంటల్లో తగ్గుతుంది. కానీ శ్రీను గారికున్నది మూడున్నర గంటలే. కాబట్టి లేసులున్న బూట్లు వేసుకోండి, వదులు చేసుకోడానికి వీలుంటుంది. లేసులు లేని బిగుతు లోఫర్లు వద్దు, ఒకసారి విప్పితే మళ్లీ ఎక్కవు. కొత్త బూట్లు అసలు వద్దు.

మోకాలి దాకా వచ్చే కంప్రెషన్ మేజోళ్లు మందుల దుకాణంలో దొరుకుతాయి. ప్రయాణానికి 15-20 ఎంఎంహెచ్‌జీ ఒత్తిడి ఇచ్చే రకం సరిపోతుంది. బూటు నంబరు చూసి కొనకండి. చీలమండ పైన సన్నగా ఉండే చోట, పిక్క లావుగా ఉన్న చోట టేపుతో కొలిచి ఆ కొలతకి కొనాలి. ఇంట్లో బయల్దేరే ముందే వేసుకోవాలి, వాచాక వేసుకుంటే లాభం తక్కువ. పైన బిగుతుగా ఉందని మోకాలి కింద చుట్టగా చుట్టేవాళ్లని చాలామందిని చూశాను, అది తాడు బిగించి కట్టినట్టే అవుతుంది. నలుపు రంగువి కొంటే మీటింగ్‌లోనూ అవే నడుస్తాయి, ఎవరికీ తేడా తెలియదు.

పద్మ గారూ, అమ్మగారికి షుగరుగానీ, కాళ్లలో రక్తప్రసరణ ఇబ్బందిగానీ ఉంటే ఇవి డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు. నూలు చీర మంచిదే. లోపల వెచ్చటి లెగ్గింగ్, కాళ్లకి వెల్క్రో పట్టీ ఉన్న వదులు బూట్లు వేయండి. పట్టీ ఎంత కావాలంటే అంత సడలించుకోవచ్చు.

బట్టల మీద ఇంకో మాట. మా శిక్షణలో నేర్పింది ఇది: నిప్పు అంటుకుంటే పాలిస్టర్, నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఉన్ని, నూలు అలా కరగవు. అత్యవసరంగా జారుడుబల్ల మీంచి దిగాల్సి వస్తే ఒరిపిడికి నైలాన్ మేజోళ్లు కాలిపోతాయి. అలాంటిది జరిగే అవకాశం చాలా తక్కువే. అయినా రెండు రకాలూ బీరువాలో ఉన్నప్పుడు నేను ఉన్నే తీసుకుంటాను.

నెలకో ఊరు

వాసన ముచ్చట నిజమే కావచ్చు. నేను దిగంగనే హోటల్‌కి పోతా, స్నానం చేస్త, అందుకే నాకు ఎర్కలేదు. కానీ ఎండకాలంల సింగపూర్, దుబాయ్ పోయేటోళ్లకి ఉలెన్ చెప్పకుండ్రి, నేను ఒప్పుకోను.

కొండాపూర్ శ్రీను

ఈ రెండు రోజుల్లో కొన్ని పనులు చేసి చూశాను. నూలుపోగు గారు ప్రైవేటు మెసేజ్‌లో చెప్పినట్టు, ప్యాంటు కాలి అంచు మడతని గుప్పిట్లో గట్టిగా నలిపి 20 దాకా లెక్కపెట్టి వదిలాను. పెళ్లి సూట్ మీద గీతలు అలాగే నిలిచిపోయాయి, పది నిమిషాల తర్వాత కూడా కనిపిస్తున్నాయి. బీరువా అడుగున ఆరేళ్ల కిందటి ముదురు బూడిద రంగు ప్యాంటు ఒకటి దొరికింది. అది నలిపితే అరనిమిషంలో మామూలైపోయింది. దాని బట్ట ఏమిటో నాకు తెలియదు. లోపలి కుట్టు నుంచి ఒక పోగు లాగి, చిమటాతో పట్టుకుని, సింకు మీద వెలిగించాను. జుట్టు కాలిన వాసన వచ్చింది. కొంత బూడిదై వేళ్ల మధ్య నలిగిపోయింది, చివర మాత్రం ఒక చిన్న నల్లటి గట్టి పూస మిగిలింది. దాన్ని ఏమనుకోవాలి?

ఇంకోటి, దానికి జత కోటు లేదు. నా దగ్గర నేవీ బ్లేజర్ ఒకటి ఉంది, భుజాల్లో దళసరి ప్యాడింగ్ లేనిది. అది వేసుకుని కూర్చోవాలా, విప్పి పైన పెట్టాలా?

నూలుపోగు

మీకు దొరికింది టెర్రీ ఊల్. ఉన్ని, పాలిస్టర్ కలిపి నేసింది. జుట్టు వాసన, పొడి బూడిద ఉన్నివి. గట్టి పూస పాలిస్టర్ కరిగి ముద్దకట్టినది. మీ పనికి ఇంతకంటే మంచిది కొనక్కర్లేదు. పాలిస్టర్ మడత పడనివ్వదు, ఉన్ని వాసనని అదుపులో పెడుతుంది. బూడిద రంగు ప్యాంటు మీద నేవీ బ్లేజర్ చక్కగా కుదురుతుంది. సూట్ అయితే కిందా పైనా ఒకేలా నలగాలి, లేకపోతే తేడా తెలిసిపోతుంది. విడి కోటు, విడి ప్యాంటుకి ఆ బాధ లేదు.

కోటు వేసుకుని కూర్చోవద్దు. వీపు, మోచేతులు పాడవుతాయి. మడతపెట్టే పద్ధతి చెబుతాను, ఇంట్లో రెండుసార్లు చేసి చూసుకోండి. కోటుని కాలర్ దగ్గర పట్టుకుని ఎడమ భుజాన్ని లోపలి లైనింగ్ బయటికి వచ్చేలా తిరగేయండి. కుడి భుజాన్ని తిరగేయకుండా ఆ ఎడమ భుజం గూట్లోకి దూర్చండి. అప్పుడు ఒక భుజంలో ఇంకో భుజం కూర్చుంటుంది. కోటు నిలువునా సగమవుతుంది, బయటికి లైనింగే కనిపిస్తుంది, ఎక్కడైనా మరకో దుమ్మో తగిలినా దానికే తగులుతుంది. నడుం దగ్గర అడ్డంగా మడిచేటప్పుడు మధ్యలో చుట్టిన స్వెటర్ ఒకటి పెట్టండి, పదునైన గీత పడకుండా. చుట్టుపక్కలవాళ్లు పెట్టెలన్నీ పెట్టేసుకున్నాక, అన్నిటికంటే చివర, పైన పరచండి.

ఇక చొక్కా. అందరూ చేసే తప్పు ఒకటుంది. ఇస్త్రీ చేయించి, వేడి చల్లారకముందే మడిచి పెట్టెలో పెడతారు. వేడి బట్ట మీద పడ్డ మడత ఇస్త్రీ గీత అంత గట్టిగా ఉంటుంది. ముందు రోజే ఇస్త్రీ చేయించి రాత్రంతా హ్యాంగర్‌కి వేలాడదీయండి. మర్నాడు డ్రైక్లీనింగ్ వాళ్లిచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టి మడవండి. ప్లాస్టిక్ మీద బట్ట జారుతుంది కాబట్టి ఒకచోట ఒత్తిడి నిలవదు. కాలర్ లోపల గుండ్రంగా చుట్టిన మేజోళ్లు పెడితే కాలర్ నలగదు. కోటు వేసుకున్నాక కనిపించేది కాలర్, ఛాతీ మీద జానెడు బట్ట, మణికట్టు దగ్గర అంగుళం. అక్కడ బాగుంటే చాలు.

ఒక సంగతి మర్చిపోయాను. విమానంలో ఇచ్చే దుప్పటి నేవీ మీద నూగు రాలుస్తుంది, ముదురు బూడిద మీదా కనిపిస్తుంది. జనవరి చలికి ఎలాగూ ఓవర్‌కోట్ తీసుకెళ్తారు కదా, దాన్నే కప్పుకోండి. వెడల్పు సెల్లోటేప్ కొంచెం జేబులో ఉంచుకుంటే, చేతికి తిరగేసి చుట్టి అద్దితే మిగిలిన నూగు వచ్చేస్తుంది.

వైజాగ్ కెరటం

మగవాళ్ల సంగతి అయిపోయిందనుకుంటే నాది చెబుతాను. నేను ఫార్మా ఆడిట్లకి యూరప్ వెళ్తూ ఉంటాను, మీటింగ్‌లో చీరే కట్టుకుంటాను. చీర కట్టుకుని రాత్రంతా కూర్చోవడం ఒకసారి చేశాను. కుచ్చెళ్లు ఒళ్లో నలిగి గుడ్డపీలికల్లా అయ్యాయి, పైగా లంగా బొందు పొట్టని కోసేసింది. ఎత్తుకు వెళ్లాక విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాంతో పొట్టలో గ్యాసు ఉబ్బుతుంది. ఇంట్లో సరిగ్గా ఉన్న ముడి అక్కడ బిగుతైపోతుంది. బెల్టు పెట్టుకునేవాళ్లకీ ఇదే జరుగుతుంది, ఒక రంధ్రం సడలించండి.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. జాకెట్టు ఇంట్లోనే వేసుకుంటాను, దాని మీద వదులుగా ముందు బొత్తాలున్న పొడుగు కార్డిగన్. కింద లంగా బదులు, మొల దగ్గర వెడల్పు ఎలాస్టిక్ ఉన్న వెచ్చటి నల్ల లెగ్గింగ్. చూసేవాళ్లకి మామూలు ప్రయాణం బట్టల్లానే ఉంటాయి. చేతి సంచిలో క్రేప్ సిల్క్ చీర చుట్టి పెడతాను, పిడికెడు ఉంటుంది. దిగాక పిల్లల్ని మార్చే గది ఖాళీగా ఉంటే అందులో, లేకపోతే వెడల్పు టాయిలెట్‌లో ఆ ఎలాస్టిక్‌లోకే కుచ్చెళ్లు దోపి కట్టేసుకుంటాను. ఏడెనిమిది నిమిషాలు. మార్చుకున్నది ఏమీ లేదు, పైన చుట్టుకున్నదే. లెగ్గింగ్ ఉండబట్టి చలికీ భయం లేదు. బిరుసుగా నిలబడే పట్టు, గంజి పెట్టిన నూలు దీనికి పనికిరావు.

మంజీర

అక్కా, మీ పద్ధతి చదివి ముచ్చటేసింది కానీ నాకు ధైర్యం లేదు. తడి నేల మీద చీర అంచు ఆనకుండా ఒక చేత్తో పట్టుకుని కట్టడం నా వల్ల కాదు. నేను దళసరి అల్లిక బట్ట ప్యాంటు, మోకాలి కిందికి వచ్చే ముదురు రంగు కుర్తా వేసుకుని ఎక్కుతాను. దిగాక మొహం కడుక్కుని ఒక పోచంపల్లి ఇక్కత్ సిల్క్ దుపట్టా, చెవులకి కమ్మలు. అంతే. ఇక్కత్ డిజైన్‌లో చిన్న చిన్న ముడతలు అసలు కనిపించవు. ఎదుటివాళ్ల చూపు మొహం చుట్టూ ఉన్నదాని మీదే పడుతుంది, కింద ప్యాంటు ఎవరూ చూడరు.

వైజాగ్ కెరటం

అమ్మాయ్, టేబుల్ వెనక కూర్చునే మీటింగ్‌కి నీది సరిపోతుంది. నేను ఫ్యాక్టరీ అంతా నడిచి, నిలబడి మాట్లాడాలి, నన్ను తలనుంచి పాదం దాకా చూస్తారు. నీ కుర్తా వెనక కూర్చున్న చోట మడత పడదా?

మంజీర

పడుతుందక్కా. దుపట్టా వెనక్కి పొడుగ్గా వదిలేస్తాను.

గాలిమోటారు

ఎప్పుడు కడుక్కోవాలి, ఎప్పుడు మార్చుకోవాలి అనేది ఎవరూ రాయలేదు. దిగడానికి సుమారు రెండు గంటల ముందు లైట్లు వేసి టిఫిన్ బండి తెస్తారు. ట్రేలు తీసేశాక టాయిలెట్ల ముందు వరస కడతారు, సీట్ బెల్టు లైటు వెలిగితే ఆ వరసని మేమే వెనక్కి పంపేస్తాం. కాబట్టి లైట్లు వేయకముందే లేచి పళ్లు తోముకుని, మొహం, చంకలు తడి టిష్యూలతో తుడుచుకోండి. చొక్కా మాత్రం అప్పుడే మార్చుకోవద్దు. మోచేతులు ముడుచుకుని రేకు మూత తీస్తూ తినేటప్పుడు ఒంటి మీద పడని రోజు లేదు. చొక్కా దిగాకే.

చెమట రాకుండా చేసే రోల్-ఆన్ బయల్దేరే రాత్రి స్నానమయ్యాక పొడి చర్మానికి రాయండి. పొద్దున తడి చర్మం మీద రాస్తే అంత పని చేయదు. సీసా 100 మిల్లీలీటర్ల లోపు ఉండాలి.

కొండాపూర్ శ్రీను

అందరికీ చెప్పినట్టే, వెళ్లొచ్చాక రాస్తున్నాను. టెర్రీ ఊల్ ప్యాంటు, లోపల సన్నటి మెరినో ఉన్ని బనియన్, పైన పాత టీషర్ట్, నల్ల కంప్రెషన్ మేజోళ్లు, లేసు బూట్లు. బ్లేజర్ మడిచి పైన, ఓవర్‌కోట్ ఒంటి మీద. సంచిలో చొక్కా ఒకటి, మేజోళ్లు ఇంకో జత.

ముందు తప్పులు చెబుతాను. ఎక్కగానే తొందరపడి కోటుని పైన పెట్టేశాను. తర్వాత వచ్చినాయన ఒక గట్టి పెట్టెని దాని మీదికి నెట్టేశారు. కుడి వైపు లాపెల్ అడ్డంగా వంగిపోయింది. రెండోది, బూట్లు విప్పి మేజోళ్లతోనే టాయిలెట్‌కి వెళ్లాను. చీకట్లో నేల తడిగా ఉందని చూసుకోలేదు, అరికాళ్లు తడిశాయి. ఇంకో జత మేజోళ్లు లేకపోతే ఆ రోజంతా ఏమయ్యేదో. కంప్రెషన్‌వి తీసేసి మామూలువి వేసుకోవాల్సి వచ్చింది, దిగేసరికి కుడి బూటు లేసు పూర్తిగా వదులు చేస్తేనే పట్టింది.

దిగాక దారిలో మొదట కనిపించిన టాయిలెట్‌లోకి చొక్కా మార్చుకుందామని దూరాను. బయటికొచ్చేసరికి మా విమానం జనమంతా పాస్‌పోర్ట్ వరసలో నా ముందున్నారు. 50 నిమిషాలు నిలబడ్డాను. మళ్లీ వెళ్తే ముందు వరసలో నిలబడి, పాస్‌పోర్ట్ అయ్యాకే మార్చుకుంటాను.

ప్యాంటు మాత్రం నన్ను నిలబెట్టింది. మోకాళ్ల వెనక నాలుగు గీతలు పడ్డాయి. తడి అరచేత్తో నిమిరి, లాగి పట్టి గాలి కింద పెట్టాను. ఆ వరసలో నిలబడ్డ 50 నిమిషాలు కూడా పనికొచ్చాయి. ఎస్8 రైలెక్కి పావుగంటలో మెయిన్ స్టేషన్‌లో దిగేసరికి గీతలు దాదాపు పోయాయి. లాపెల్‌కీ అదే చేశాను, సగం సర్దుకుంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు, వీధిలో ఎముకలు కొరికే చలి.

ఇక మీటింగ్. గదిలో హీటర్ ఎంత ఎక్కువ పెట్టారంటే ఐదు నిమిషాల్లో ఆతిథ్యమిచ్చిన పెద్దాయన కోటు విప్పి కుర్చీకి తగిలించారు. వెంటనే అందరూ విప్పారు. నేనూ విప్పాను. అప్పుడు గుర్తొచ్చింది, చొక్కా వెనక వైపు నాలుగు పెట్టెల్లా మడత గీతలు అలాగే ఉన్నాయని. ముందు జానెడు చూసుకున్నాను గానీ వెనక మడతల్ని పట్టించుకోలేదు. బోర్డు దగ్గరికి వెళ్లి రాయాల్సి వచ్చినప్పుడల్లా వీపు అటు తిరుగుతుందని ఆలోచిస్తూనే రాశాను. వాళ్లు పట్టించుకున్నారో లేదో నాకు తెలియదు. పని అయితే అయింది.

నూలుపోగు

శ్రీను గారూ, ఆ తప్పు నాది. కోటు విప్పాల్సి వస్తుందని నేను ఆలోచించలేదు. చలి దేశాల్లో లోపలి గదులు వేడిగా ఉంటాయి, ఆ మాట ముందే చెప్పాల్సింది.

ఈసారి నేసిన పాప్లిన్ చొక్కా వదిలేసి, అల్లిక బట్టతో కుట్టిన కాలర్ చొక్కా చూడండి. దూరం నుంచి మామూలు ఫార్మల్ చొక్కాలాగే ఉంటుంది, మడిచిన గీత ఒంటి వేడికి పావుగంటలో సాగిపోతుంది. కాలర్ లోపల గట్టి పొర ఉన్నది ఏరుకోవాలి, లేకపోతే కాలర్ వాలిపోయి టీషర్ట్‌లా కనిపిస్తుంది. బనియన్ సంగతి మాత్రం ఆలోచించాలి. వేడి గదిలో మెరినో ఎక్కువేనా, కాదా?

కొండాపూర్ శ్రీను

ఎక్కువే అనిపించిందండీ. కానీ అది లేకపోతే రైలు దిగి నడిచిన పది నిమిషాలు తట్టుకోలేకపోయేవాడిని. వాసన అయితే రాలేదు, సాయంత్రం హోటల్‌లో విప్పినప్పుడు కూడా.

డాలస్ పద్మ

అమ్మకి డాక్టర్‌ని అడిగాం, షుగరు ఉంది కదా, కంప్రెషన్ వద్దన్నారు. వెల్క్రో బూట్లు కొన్నాం. గాలిమోటారు గారికి ధన్యవాదాలు.

నెలకో ఊరు

నూలుపోగు సార్, ఆ అల్లిక చొక్కా నూలుది తీస్కోవాల్నా, పాలిస్టర్ కలిసింది నడుస్తదా? వచ్చే వారం సింగపూర్ పోతున్న. ఈసారి హోటల్‌కి పోకుంట సీదా మీటింగ్‌కే పోవాలె. రెండిట్ల ఒకటి వేస్కొని చూసి వచ్చినంక రాస్త.

నూలుపోగు

నూలుదే తీసుకోండి. అక్కడి గాలిలో తేమ ఎక్కువ, గీత ఇంకా తొందరగా పోవాలి. పోయిందో లేదో మీరే చెప్పాలి.